రూపాయి తగ్గకుండా, పెరగకుండా వాటాలు పంచడం: ఏ పద్ధతి ఎప్పుడు వాడాలి?

దేవరకొండ వైపు ఒకే బోరు మీద నలుగురు పాలోళ్లు సాగు చేస్తున్నారనుకుందాం. పెద్దన్నకు 3 ఎకరాల 10 గుంటలు, నడిపన్నకు 2 ఎకరాల 5 గుంటలు, అక్కకు 1 ఎకరం 20 గుంటలు, తమ్ముడికి 1 ఎకరం 5 గుంటలు. మోటారు కాలిపోయింది. బోరులో నుంచి గుంజిన కూలి, వైండింగ్, ఆటో కిరాయి అన్నీ కలిపి 8,525 రూపాయలు అయింది. ఎవరి భూమి ఎంతో అంత లెక్కన పంచుకోవాలని మాట. పైసలు లేకుండా, నిండు రూపాయల్లో.

ఫోన్‌లో లెక్క వేసి, ఒక్కొక్కరి వాటాను దగ్గరి రూపాయికి సవరిస్తే 3,463, 2,264, 1,598, 1,199 వస్తాయి. కూడితే 8,524. ఒక రూపాయి తక్కువ. లెక్క ఎక్కడా తప్పలేదు. నలుగురిలో ముగ్గురి పైసలు అర్ధ రూపాయి కంటే తక్కువగా ఉండి కింద పడిపోయాయి, ఒక్కరిదే పైకి వెళ్లింది. బిల్లు ఇంకోలా ఉంటే రూపాయి ఎక్కువ కూడా వచ్చేది. ఇదే 7,871 రూపాయల బిల్లు అయితే నలుగురి పైసలూ అర్ధ రూపాయి దాటి, అందరివీ పైకి వెళ్లి, మొత్తం 7,872 అవుతుంది.

ఆ ఒక్క రూపాయిని సర్దడానికి నాలుగైదు పద్ధతులు ఉన్నాయి. అన్నిటిలోనూ మొత్తం సరిపోతుంది. ఆ రూపాయి ఎవరి మీద పడుతుందన్నదే తేడా. పద్ధతి ఎంచుకునే ముందు ఇంకో రెండు తప్పులు చూసుకోవాలి. వాటితో పోయేది రూపాయి కాదు, వందలు.

ముందు నిష్పత్తి సరిగ్గా ఉందా?

మన పాసుపుస్తకాల్లో భూమిని 3.10 అని రాస్తారు. అంటే మూడు ఎకరాల పది గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది నిజానికి 3.25 ఎకరాలు. చాలామంది ఆ 3.10ని అట్లాగే క్యాలిక్యులేటర్లో కొడతారు. మన లెక్కలో 3.10, 2.05, 1.20, 1.05 కూడితే 7.40 వస్తుంది. నిజంగా ఉన్నది 8 ఎకరాలు. 7.40 మీద పంచితే పెద్దన్నకు 3,571 పడుతుంది, ఉండాల్సిన దానికంటే 108 రూపాయలు ఎక్కువ. అక్కకు 1,382 పడుతుంది, 216 రూపాయలు తక్కువ. నడిపన్న, తమ్ముడు కూడా ఎక్కువే కడతారు. ఇంత తేడా ఉన్నా నాలుగు వాటాలు కూడితే 8,525 సరిగ్గా వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. మొత్తం సరిపోయిందంటే పంపకం సరైనదని కాదు.

కాబట్టి మొదట అన్నీ గుంటల్లోకి మార్చండి. ఎకరాలను 40తో గుణించి గుంటలు కలిపితే 130, 85, 60, 45 వస్తాయి. మొత్తం 320. దీంతో చుక్క గొడవ పోతుంది, నిష్పత్తి నిండు సంఖ్యల్లోకి వస్తుంది. కూలి పంచేటప్పుడు కూడా ఇదే దారి. సగం రోజులు ఉంటే రోజులను కాకుండా పూటలను లెక్క పెట్టండి.

రెండో తప్పు నిష్పత్తిని ముందే శాతాల్లోకి సవరించడం. 320లో 130 అంటే 40.625 శాతం. దాన్ని 41 అని, మిగతావి 27, 19, 14 అని రాసుకుంటే మొత్తం 101 శాతం అవుతుంది. ఆ లెక్కన వసూలు చేస్తే 85 రూపాయలు ఎక్కువ వస్తాయి. సవరించడం ఒక్కసారే, అదీ చివర్లో రూపాయల దగ్గరే జరగాలి.

మిగిలింది చివరివారికి

ఊళ్లలో ఎక్కువగా నడిచేది ఇదే. మొదటి ముగ్గురి వాటాలు సవరించి, మొత్తంలో నుంచి తీసేసి, మిగిలింది నాలుగోవారి పేరున రాస్తారు. మన లెక్కలో 3,463, 2,264, 1,598 పోగా తమ్ముడికి 1,200 పడుతుంది. అతని అసలు వాటా 1,198 రూపాయల 83 పైసలు. అంటే రూపాయి 17 పైసలు ఎక్కువ కడుతున్నాడు. నలుగురిలో అందరికంటే చిన్న కమతం అతనిదే.

నలుగురి మధ్య ఇది పెద్ద విషయం కాదు. మంది పెరిగితే మాత్రం అందరి పైసలూ వచ్చి చివరి పేరు మీద పడతాయి. గుత్తకు నాటు పట్టిన పన్నెండు మంది ఆడవాళ్లు పూటల లెక్కన డబ్బు పంచుకుంటే, ముందు పదకొండు మందిలో ఒక్కొక్కరి దగ్గర అర్ధ రూపాయి వరకు తేడా రావచ్చు. చివరామె మీద అయిదు రూపాయలకు పైగా పడొచ్చు. పైసలు తీసేసి కిందికే సవరించే అలవాటు ఉన్నచోట అది దాదాపు పదకొండు రూపాయల దాకా పోతుంది. జాబితాలో ఎప్పుడూ చివర ఉండే పేరు ఒకటే అయితే ప్రతిసారీ ఆమెకే ఎక్కువో తక్కువో వస్తుంది. అది సరైన పని కాదు.

లెక్క వేసే ఓపిక ఎవరికీ లేనప్పుడు ఈ పద్ధతినే కొంచెం మార్చి వాడొచ్చు. మిగిలినది చివరి పేరుకు కాకుండా అందరికంటే పెద్ద వాటా ఉన్నవారికి రాయండి. అప్పుడు నడిపన్న 2,264, అక్క 1,598, తమ్ముడు 1,199 కడితే పెద్దన్నకు 3,464 వస్తుంది. ఆయనకు 72 పైసలు ఎక్కువ పడింది. మూడున్నర వేలలో అది ఎవరికీ బరువు కాదు. నలుగురైదుగురి మధ్య ఒకసారి జరిగే పంపకానికి ఇది చాలు. ఎవరికి రాస్తారో లెక్క మొదలు పెట్టకముందే చెప్పేయాలి.

పెద్ద శేషం ఉన్నవారికి ముందు

నాకు నమ్మకం ఉన్నది ఈ పద్ధతి మీదే. మొత్తాన్ని ఒక్కొక్కరి గుంటలతో గుణించి, మొత్తం గుంటలతో భాగించి, భాగఫలాన్నీ శేషాన్నీ విడివిడిగా రాసుకోవాలి. చుక్క తర్వాత అంకెలతో పనే లేదు.

పెద్దన్నది 8,525 ఇంటూ 130, అంటే 11,08,250. దాన్ని 320తో భాగిస్తే భాగఫలం 3,463, శేషం 90. మిగతావాళ్లవి కూడా ఇట్లాగే:

| ఎవరు | గుంటలు | భాగఫలం | శేషం | చివరి వాటా |
|---|---|---|---|---|
| పెద్దన్న | 130 | 3,463 | 90 | 3,463 |
| నడిపన్న | 85 | 2,264 | 145 | 2,265 |
| అక్క | 60 | 1,598 | 140 | 1,598 |
| తమ్ముడు | 45 | 1,198 | 265 | 1,199 |
| మొత్తం | 320 | 8,523 | 640 | 8,525 |

భాగఫలాలు కూడితే 8,523. ఇంకా రెండు రూపాయలు పంచాలి. వాటిని శేషం ఎక్కువ ఉన్న ఇద్దరికి ఒక్కో రూపాయి చొప్పున వేయాలి. 265 ఉన్న తమ్ముడికి ఒకటి, 145 ఉన్న నడిపన్నకు ఒకటి. అయిపోయింది.

ఇందులో తప్పు పట్టుకునే దారి కూడా ఉంది. శేషాలన్నీ కూడితే 640 వచ్చింది. అది 320కి సరిగ్గా రెండింతలు, పంచాల్సినవి కూడా రెండే రూపాయలు. ఈ రెండూ ఎప్పుడూ సమానం కావాలి. శేషాల మొత్తం 320తో నిశ్శేషంగా భాగం పోలేదంటే ఎక్కడో గుణకారం తప్పింది. డబ్బు చేతులు మారకముందే అది తెలిసిపోతుంది. చివరివారికి మిగిలింది రాసే పద్ధతిలో ఈ వసతి లేదు, ఎక్కడ తప్పినా ఆ చివరి అంకె మింగేస్తుంది.

ఈ పద్ధతిలో ఎవరి వాటా కూడా అసలు లెక్కకు ఒక రూపాయి దూరం పోదు. భాగఫలమో, దాని పై రూపాయో, అంతే. ఎంతమంది ఉన్నా ఇదే హద్దు. ఖర్చు పంచినా, వడ్లు అమ్మిన డబ్బు పంచినా దారి ఒకటే. ఖర్చులో ఆ రూపాయి భారం, ఆదాయంలో లాభం.

శేషాలు సమానంగా వస్తే ఏం చేయాలో మాత్రం ముందే అనుకోవాలి. ఒకే కొలత భూమి ఉన్న ఇద్దరు అన్నదమ్ములకు ప్రతి బిల్లులోనూ శేషం సమానంగానే వస్తుంది. ఉన్న రూపాయి ఒకటే అయితే ఈసారి ఒకరికి, వచ్చేసారి ఇంకొకరికి అని వరుస పెట్టి, ఎవరి వంతు అయిందో పుస్తకంలో రాసుకోవడం మంచిది.

పేర్లు చాలా ఉంటే: కూడుకుంటూ పోవడం

నలభై పేర్ల జాబితాలో శేషాలను వరుస పెట్టడం కష్టం. అక్కడ ఇంకో పద్ధతి ఉంది. ఒక్కొక్కరి వాటాను కాకుండా, ఆ పేరు వరకు అయిన మొత్తాన్ని సవరించాలి. దానిలో నుంచి అంతకు ముందరి మొత్తాన్ని తీసేస్తే ఆ మనిషి వాటా వస్తుంది.

పెద్దన్న వరకు 3,463.28, అంటే 3,463. నడిపన్న వరకు 5,727.73, అంటే 5,728. అందులో 3,463 తీసేస్తే నడిపన్నది 2,265. అక్క వరకు 7,326.17, అంటే 7,326, ఆమెది 1,598. తమ్ముడి వరకు 8,525, అతనిది 1,199. చివరి మొత్తం ఎప్పుడూ అసలు బిల్లే కాబట్టి తేడాకు చోటే లేదు. వెనక్కి వెళ్లి సర్దే పని కూడా ఉండదు.

దీని లోపం వరుస మీద ఆధారపడటం. అవే పేర్లను అక్క, పెద్దన్న, నడిపన్న, తమ్ముడు అన్న వరుసలో రాస్తే పెద్దన్నకు 3,464, నడిపన్నకు 2,264 వస్తాయి. రూపాయి ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి మారింది. అందువల్ల పేర్ల వరుస ఖాతా నంబర్ల ప్రకారమో, మొదటి రోజు రాసుకున్న పట్టిక ప్రకారమో ఉండాలి. లెక్క వేసేవాళ్లు తమకు తోచినట్టు మార్చకూడదు.

అందరూ పై రూపాయికి కట్టి, మిగిలింది ఉమ్మడి డబ్బాలో వేసే పద్ధతి కూడా ఉంది. మన బిల్లుకు 8,527 వసూలై రెండు రూపాయలు మిగులుతాయి. డబ్బా ఎవరి దగ్గర ఉందో, అందులో ఎంతుందో రాసే మనిషి ఉంటేనే దీనికి దిగండి. ఇక ఫోన్‌లోనే పంపుకునేవాళ్లు పైసలతో సహా పంపుకోవచ్చు కానీ, అప్పుడు ఇదే తేడా పైసల్లో వస్తుంది.

బిల్లులు మళ్లీ మళ్లీ వస్తుంటే

బోరు పొత్తు ఒక్క బిల్లుతో పోయేది కాదు. కొన్నాళ్లకు స్టార్టర్ పోయింది, 2,125 రూపాయలు అయిందనుకుందాం. దీన్ని విడిగా పెద్ద శేషం పద్ధతిలో పంచితే 863, 565, 398, 299 వస్తాయి. శేషాలు మొదటి బిల్లులో ఎంత వచ్చాయో సరిగ్గా అంతే వస్తాయి. కాబట్టి రూపాయి మళ్లీ నడిపన్న మీదే పడుతుంది. అక్క శేషం 140, ఆయనది 145. అంత చిన్న తేడాకు ఆయన రెండుసార్లు పైకి కట్టాడు, అక్క రెండుసార్లు కిందికి కట్టింది.

దీనికి మందు ఏమిటంటే, కొత్త బిల్లును విడిగా పంచకుండా ఇప్పటివరకు అయిన మొత్తాన్ని పంచి, అందులో నుంచి ఇదివరకు కట్టింది తీసేయడం. రెండు బిల్లులూ కలిపి 10,650. దాన్ని పెద్ద శేషం పద్ధతిలో పంచితే 4,326, 2,829, 1,997, 1,498 వస్తాయి. ముందు కట్టినవి తీసేస్తే ఇప్పుడు కట్టాల్సింది 863, 564, 399, 299. కూడితే 2,125. ఈసారి రూపాయి అక్క వైపు వచ్చింది. ఎన్ని బిల్లులు వచ్చినా, మొదటి రోజు నుంచి లెక్క తీస్తే ఎవరూ ఒక రూపాయికి మించి ఎక్కువా తక్కువా కట్టి ఉండరు. విడివిడిగా పంచితే ఆ హామీ లేదు, చిన్న చిన్న తేడాలు ఒకే వైపు పేరుకుపోవచ్చు.

పెద్ద శేషం పద్ధతికి ఒక వింత గుణం ఉంది. మొత్తం పెరిగినా ఒకరి వాటా తగ్గవచ్చు. 60, 60, 20 గుంటల ముగ్గురికి 10 రూపాయలు పంచి చూడండి, 4, 4, 2 వస్తాయి. 11 పంచితే 5, 5, 1. రూపాయి పెరిగితే చిన్నవాటా రెండు నుంచి ఒకటికి పడిపోయింది. అమెరికాలో పార్లమెంటు సీట్లను రాష్ట్రాలకు జనాభా లెక్కన పంచడానికి ఒకప్పుడు ఇదే పద్ధతి వాడారు. 1792లో దీన్ని ప్రతిపాదించిన అలెగ్జాండర్ హామిల్టన్ పేరుతోనే అక్కడ దీన్ని పిలుస్తారు. 1880 జనాభా లెక్కల తర్వాత చూస్తే, మొత్తం 299 సీట్లయితే అలబామాకు 8, 300 అయితే 7 వస్తున్నాయని బయటపడింది. సీట్ల విషయంలో అది పెద్ద గొడవే. మన బోరు లెక్కలో ఇది ఒక్క రూపాయి దగ్గరే ఆగుతుంది. రెండు మూడు రూపాయల బిల్లు కూడా కలిపి లెక్కేస్తే తప్ప ఎవరి వంతూ సున్నా కంటే కిందికి పోదు. చిన్న ఖర్చులను కూడగట్టి ఒకేసారి పంచితే ఆ ఇబ్బందీ ఉండదు.

షీట్‌లో వేసుకునేవాళ్లకు

B2 నుంచి B5 వరకు గుంటలు, F1లో మొత్తం పెట్టండి. పెద్ద శేషం పద్ధతికి C, D, E నిలువు వరుసల్లో ఈ మూడు సూత్రాలు రాసి కిందికి లాగాలి:

```
C2: =INT($F$1*B2/SUM(B$2:B$5))
D2: =MOD($F$1*B2,SUM(B$2:B$5))
E2: =C2+IF(RANK(D2,D$2:D$5)+COUNTIF(D$2:D2,D2)-1<=$F$1-SUM(C$2:C$5),1,0)
```

E2లోని COUNTIF ముక్క శేషాలు సమానమైనప్పటి కోసం. అది లేకపోతే సమానంగా ఉన్న ఇద్దరికీ రూపాయి పడి మొత్తం ఎక్కువ చూపించవచ్చు. అది ఉంటే పై వరుసలో ఉన్న పేరుకు ముందు వస్తుంది. కాబట్టి ఆ ఇద్దరి వంతు మారినప్పుడు పేర్ల వరుస కూడా మార్చుకోవాలి.

కూడుకుంటూ పోయే పద్ధతికి వేరే షీట్‌లో ఒక్క నిలువు వరుస చాలు. C1లో శీర్షిక మాత్రమే ఉండాలి, అంకె ఉండకూడదు:

```
C2: =ROUND($F$1*SUM(B$2:B2)/SUM(B$2:B$5),0)-SUM(C$1:C1)
```

ఇప్పటివరకు అయిన మొత్తం మీద పంచే లెక్క, వాటాల నిష్పత్తి మారనంత కాలమే పనిచేస్తుంది. తమ్ముడు ఇరవై గుంటలు నడిపన్నకు అమ్మితే, కొత్త గుంటలతో పాత బిల్లులు కూడా కలిపి పంచకండి. అట్లా పంచితే అమ్మకానికి ముందు అయిన ఖర్చు కూడా నడిపన్న నెత్తిన పడుతుంది. అమ్మిన రోజున పాత లెక్కకు గీత గీసి, 130, 105, 60, 25తో కొత్త పేజీ మొదలు పెట్టండి. ఆ రోజుకు ఎవరి తేడా అయినా రూపాయిలోపే ఉంటుంది కాబట్టి పాత పేజీని అట్లాగే వదిలేయవచ్చు.